నిద్ర, సపోర్టు: ఏది మీడియేటర్, ఏది మోడరేటర్? (ఉద్దానం కేర్‌గివర్ల ప్రాజెక్టు)

సిక్కోలు_సైకాలజీ

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ సైకాలజీ రెండో ఏడాది, ఉండేది శ్రీకాకుళం. ఉద్దానంలో డయాలిసిస్ పేషెంట్లను ఇంట్లో చూసుకునేవాళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. కవిటి, సోంపేట, పలాస వైపు తిరిగి 152 మంది దగ్గర డేటా తీసుకున్నాను.

చూసుకునే భారానికి జారిట్ ప్రశ్నావళి వాడాను, 0 నుంచి 88 దాకా మార్కులు. డిప్రెషన్ లక్షణాలకు పీహెచ్‌క్యూ-9, 0 నుంచి 27. నిద్రకు పీఎస్‌క్యూఐ, 0 నుంచి 21. మార్కులు పెరిగేకొద్దీ నిద్ర పాడైనట్టు. నాలుగోది సోషల్ సపోర్టు, 12 ప్రశ్నల ఎంఎస్‌పీఎస్‌ఎస్, సగటు 1 నుంచి 7 మధ్య వస్తుంది.

మా గైడ్ గారు నిద్రనీ సపోర్టునీ రెండింటినీ మీడియేటర్లుగా పెట్టమన్నారు. ప్రాసెస్ మాక్రోలో ఒక్కోదానికి విడివిడిగా మోడల్ 4 వేశాను. నిద్ర బాగా వచ్చింది. సపోర్టుకి మాత్రం ఇన్‌డైరెక్ట్ ఎఫెక్ట్ దాదాపు సున్నా. సినాప్సిస్‌లో సపోర్టు మీద ఒక హైపోథెసిస్ రాసేశాను. ఇప్పుడు అది పోయినట్టేనా? మీడియేటర్ కాకపోతే మోడరేటర్ అవుతుందని సీనియర్ ఒకరు అన్నారు. అలా మార్చేసుకోవచ్చా?

వంశధార_గట్టు

కంగారు పడక్కర్లేదు. 1986లో బారన్, కెన్నీ రాసిన పేపర్‌లో స్టెప్పులున్నాయి, అవి ఫాలో అయిపోండి. ముందు భారానికీ డిప్రెషన్‌కీ సంబంధం సిగ్నిఫికెంట్‌గా ఉండాలి. తర్వాత భారానికీ నిద్రకీ. తర్వాత రెండూ కలిపి పెట్టి చూడాలి. భారం సిగ్నిఫికెన్స్ పోతే ఫుల్ మీడియేషన్, తగ్గితే పార్షియల్.

మోడరేషన్ ఇంకా సులువు. సపోర్టు ఎక్కువున్నవాళ్లు, తక్కువున్నవాళ్లు అని మధ్యలో గీత గీసి రెండు గ్రూపులు చెయ్యండి. ఒక గ్రూపులో భారం సిగ్నిఫికెంట్‌గా వచ్చి రెండోదాంట్లో రాకపోతే మోడరేషన్ ఉన్నట్టే. నా ఎంఫిల్‌లో ఇలాగే చేశాను, వైవాలో ఎవరూ అడగలేదు.

బొబ్బిలి_మాస్టారు

మంచి పని చేస్తున్నారమ్మా. వాళ్ల కోసం ఊళ్లో వారానికోసారి యోగా పెట్టిస్తే నిద్ర పడుతుంది, మనసూ కుదుటపడుతుంది.

ఇదే సందర్భంలో నాదొకటి. బీఈడీ చేసినప్పటి ఆసక్తి కొద్దీ మా బడిలో పదో తరగతి పిల్లలు 40 మంది ఫోన్ వాడకం, మార్కులు రాసుకున్నాను. నాన్న ఇంట్లో ఉన్న పిల్లల్లో ఒకలాగ, వలస వెళ్లినవాళ్ల పిల్లల్లో ఇంకోలాగ ఉంది. ఇది మీడియేటరా, మోడరేటరా?

నాగావళి

మాస్టారూ, అమ్మాయి అడిగింది నిద్ర పట్టించే మార్గం కాదు, లెక్కలో నిద్ర ఎక్కడ పెట్టాలన్నది. మీ సంగతి చివర్లో చెప్తాను.

సిక్కోలు గారూ, సాఫ్ట్‌వేర్ కాసేపు మూసేసి రెండు ప్రశ్నలు వేసుకోండి. చూసుకునే భారం పెరిగినందువల్ల ఈ మూడోది మారుతుందా, అలా మారినందువల్ల డిప్రెషన్ పెరుగుతుందా? అవునంటే అది ప్రభావాన్ని మోసుకెళ్తోంది, మీడియేటర్. నిద్రకి ఈ కథ సరిపోతుంది: రాత్రిళ్లు లేవాల్సి వస్తుంది, నిద్ర చెడుతుంది, చెడిన నిద్ర మనసుని కుంగదీస్తుంది.

రెండో ప్రశ్న. భారం అంతే ఉన్న ఇద్దరిలో, వెనక మనుషులున్నామెకీ ఎవరూ లేనామెకీ ఆ భారం వేరువేరుగా తగులుతుందా? ఇక్కడ సపోర్టు భారం వల్ల పుట్టింది కాదు. ముందునుంచే పక్కన ఉండి దెబ్బ తీవ్రతని మారుస్తోంది. అది మోడరేటర్.

ఇక "మీడియేటర్ కాకపోతే మోడరేటర్" అన్నమాట. ఒకటి ఫెయిలైతే రెండోదాంట్లోకి తోసే పద్ధతి లేదు. అవి వేరువేరు ప్రశ్నలు. మోడరేషన్ హైపోథెసిస్ డేటా చూశాక పుట్టింది కాబట్టి రిపోర్టులో ఎక్స్‌ప్లోరేటరీ అని రాయాలి. రాస్తే తప్పేమీ లేదు. ముందే అనుకున్నట్టు రాస్తేనే తప్పు.

వంశధార గారి స్టెప్పులు ఒకప్పుడు అందరూ వాడినవే. కానీ మొదటి స్టెప్పు దాటకపోతే ఆగిపోవాలన్న నియమాన్ని ఇప్పుడు చాలామంది పట్టుబట్టరు. అసలు చూడాల్సింది రెండు దారుల లబ్ధాన్ని, అంటే a×b ని, దాని చుట్టూ బూట్‌స్ట్రాప్‌తో వచ్చే ఇంటర్వెల్‌ని. మీ అవుట్‌పుట్‌లో నిద్ర అంకెలు పెట్టండి.

సిక్కోలు_సైకాలజీ

థాంక్యూ మేడమ్ (సారా?). ఇవీ అంకెలు:

భారం నుంచి నిద్రకి a = 0.12. భారాన్ని అలాగే ఉంచితే నిద్ర నుంచి డిప్రెషన్‌కి b = 0.55. భారం నేరుగా డిప్రెషన్‌కి 0.10. మొత్తం ప్రభావం 0.166. ఇన్‌డైరెక్ట్ 0.066, 5000 బూట్‌స్ట్రాప్‌లకి ఇంటర్వెల్ 0.036 నుంచి 0.100.

సపోర్టుకి ఇన్‌డైరెక్ట్ 0.002, ఇంటర్వెల్ సున్నాకి రెండు పక్కలా ఉంది. భారం నుంచి సపోర్టుకి వెళ్లే దారే దాదాపు లేదు.

నాగావళి

మేడమే. లెక్క సరిగ్గానే కూడింది: 0.12ని 0.55తో గుణిస్తే 0.066, దానికి 0.10 కలిపితే 0.166. మామూలు మాటల్లో చెప్పాలంటే, జారిట్ మార్కుల్లో పది పెరిగితే పీహెచ్‌క్యూ మార్కు ఒకటిన్నర పైచిలుకు పెరుగుతోంది. అందులో ముప్పావు మార్కు కంటే కాస్త తక్కువ నిద్ర దారిలో వస్తోంది. ఇంటర్వెల్‌లో సున్నా లేదు. ఇంతవరకూ బాగానే ఉంది.

కానీ సంతోషపడేముందు పీహెచ్‌క్యూ-9 కాగితం తీసి మూడో ప్రశ్న చదవండి.

సిక్కోలు_సైకాలజీ

"నిద్ర పట్టకపోవడం, మధ్యలో మెలకువ రావడం, లేదా మరీ ఎక్కువగా నిద్రపోవడం"... అయ్యో.

నాగావళి

అదే. మీడియేటర్ నిద్ర, అవుట్‌కమ్‌లోనూ నిద్ర ప్రశ్న ఉంది. b కాస్త పెద్దగా రావడానికి అదీ ఒక కారణం కావచ్చు. నిద్ర తనతో తానే కలిసిపోతోంది. మూడో ప్రశ్న తీసేసి మిగిలిన ఎనిమిదింటి మొత్తంతో మళ్లీ వెయ్యండి. ఆ స్కోరుకి మాత్రం పీహెచ్‌క్యూ-8 అని పేరు పెట్టకండి. ఆ పేరు తొమ్మిదో ప్రశ్న తీసేసిన రూపానికి ఉంది, ఎగ్జామినర్ తికమక పడతారు.

ఆర్ వచ్చినవాళ్లకి ఇది చాలు:

```r
library(lavaan)
m <- '
  nidra ~ a*bharam
  phq_nosleep ~ b*nidra + cp*bharam
  ind := a*b
  total := cp + ind
'
f <- sem(m, data = d, se = "bootstrap", bootstrap = 5000)
parameterEstimates(f, boot.ci.type = "perc")
```

ప్రాసెస్‌లోనైతే అదే మోడల్ 4, అవుట్‌కమ్ కాలమ్ మార్చండి, అంతే.

ప్రశ్నావళి గురించే ఇంకో మాట, లెక్కకి సంబంధం లేనిది. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాని జవాబు ఇచ్చినవాళ్లతో ఆ పూటే మాట్లాడారా? ఎథిక్స్‌లో మొదట అడిగేది ఇదే.

సిక్కోలు_సైకాలజీ

మాట్లాడాను మేడమ్. గైడ్ గారు ముందే చెప్పారు. టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరు రాసిచ్చాను, ఇద్దరి విషయం ఆశా కార్యకర్తకి కూడా వాళ్ల అనుమతితో చెప్పాను.

మూడో ప్రశ్న తీసేసి మళ్లీ వేశాను. a అదే 0.12. b 0.55 నుంచి 0.38కి పడింది. ఇన్‌డైరెక్ట్ 0.046, ఇంటర్వెల్ 0.021 నుంచి 0.074.

నాగావళి

మంచిది. దాదాపు మూడో వంతు తగ్గింది, కానీ నిలబడింది. స్కోరు పరిధి 27 నుంచి 24కి తగ్గింది కాబట్టి ఆ తగ్గుదల అంతా ప్రశ్న కలిసిపోవడం వల్లే అనలేం. రెండూ టేబుల్‌లో పెట్టండి, మాట్లాడేటప్పుడు రెండోదాన్నే పట్టుకోండి. నాలుగో ప్రశ్న నీరసం గురించి. అదీ నిద్రకి దగ్గరిదే, దాన్ని తీసేయాలా వద్దా అన్నదాంట్లో అందరూ ఒకటే మాట చెప్పరు. నేనైతే ఉంచుతాను.

కవిటి_కొబ్బరితోట

నాను చదువుకున్నది డిగ్రీ వరకే, ఈ లెక్కలు నాకు తెలవ్వు. మా మామగారికి మూడేళ్లుగా డయాలిసిస్ అవుతోంది కాబట్టి రాస్తున్నాను.

నిద్ర చెడిపోతాదని రాసినారు. చెడిపోద్ది నిజమే. వారానికి మూడు రోజులు తెల్లారగట్ల లేచి, వంట చేసీసి, ఆయన్ని తీసుకెళ్లాలి. మెషీన్ మీద నాలుగు గంటలు. ఆ రోజుల్లో నిద్ర లేకపోడం అంటే ఏటి? భారం వల్ల నిద్ర పోడం కాదు, ఆ నిద్ర లేకపోడమే భారం. రెండూ వేరే ఎలగవుతాయో నాకు అర్థం కాలేదు.

సపోర్టు మాట కూడా. మొదటి ఏడు అందరూ వచ్చినారు. ఆడపడుచులు, పక్కింటోళ్లు, అందరూ. ఇప్పుడు ఎవరూ రారు. ఫోన్ చేసి "ఎలగున్నాది" అంటారు, అంతే. అప్పుడప్పుడూ వచ్చినోళ్లకి టీలు పెట్టడమే ఇంకో పని.

నాగావళి

మీరు రాసిన రెండూ నిజంగా ఆలోచించాల్సినవే.

మొదటిది: భారం కొలిచే ప్రశ్నల్లో నిద్ర కలిసి ఉందా? జారిట్‌లో నిద్ర అని నేరుగా అడిగే ప్రశ్న లేదు, కానీ "మీకోసం మీకు సమయం దొరకడం లేదా", "మీ ఆరోగ్యం దెబ్బతిందా" లాంటివి ఉన్నాయి. డయాలిసిస్ రోజుల్లో మీరు పోగొట్టుకునే నిద్ర ఈ జవాబుల్లోకి దూరే ఉంటుంది. సిక్కోలు గారు ఇది లిమిటేషన్స్‌లో రాయాలి. వారానికి ఎన్నిసార్లు తీసుకెళ్తున్నారన్నది అడిగి ఉంటే, జారిట్ బదులు దాన్ని మొదటి చరరాశిగా పెట్టి ఇంకోసారి చూడొచ్చు. అది గంటల లెక్క, మనసు లెక్క కాదు.

రెండోది ఇంకా గట్టిది. మొదటి ఏడు వచ్చి తర్వాత ఆగిపోయారంటే, జబ్బు లాగుతున్నకొద్దీ సపోర్టే కరిగిపోతోంది. అది మీడియేటర్ కథ. గైడ్ గారు అన్నది ఊరికే అన్నమాట కాదు. ఒకే చరరాశి ఒక ప్రశ్నకి మీడియేటర్, ఇంకో ప్రశ్నకి మోడరేటర్ అవుతుంది.

మరి డేటాలో భారం నుంచి సపోర్టుకి దారి ఎందుకు రాలేదు? సపోర్టుని కరిగించేది ఈ నెల ఎంత కష్టపడ్డారన్నది కాకుండా ఎన్నేళ్లైందన్నది కావచ్చు. సిక్కోలు గారూ, డయాలిసిస్ మొదలై ఎన్నేళ్లో రాసుకున్నారా?

సిక్కోలు_సైకాలజీ

రాసుకున్నాను. నెలల్లో ఉంది. ఎక్కడా వాడలేదు.

నాగావళి

అయితే దాన్ని కోవేరియేట్‌గా రెండు సమీకరణాల్లోనూ పెట్టండి. ఎక్కువ కాలం చూసుకుంటున్నవాళ్లకి నిద్రా చెడి ఉండొచ్చు, డిప్రెషనూ ఎక్కువ ఉండొచ్చు. అప్పుడు నిద్ర ఏమీ మోయకపోయినా మోస్తున్నట్టు కనిపిస్తుంది. మీడియేషన్‌లో జనం భారం వైపే చూసి, మీడియేటర్‌కీ అవుట్‌కమ్‌కీ కలిపి ఉండే కారణాన్ని వదిలేస్తారు. దెబ్బతినేది అక్కడే.

వంశధార_గట్టు

నిద్ర వల్ల డిప్రెషనా, డిప్రెషన్ వల్ల నిద్ర పోతోందా అన్న అనుమానం ఉంటే బాణం తిప్పి ఇంకో మోడల్ వెయ్యండి. ఏ ఇన్‌డైరెక్ట్ ఎఫెక్ట్ పెద్దదైతే అదే అసలు దిశ.

నాగావళి

కాదండీ. ఒకేసారి తీసుకున్న డేటాలో రెండు దిశలూ సిగ్నిఫికెంట్‌గా రావచ్చు, పెద్దదాన్ని బట్టి దిశ తేలదు. కొలత తక్కువ నమ్మకంగా ఉన్నది ఏదో దాన్ని బట్టి కూడా ఆ అంకెలు అటూ ఇటూ అవుతాయి. దిశ కావాలంటే భారం ఇప్పుడు, నిద్ర కొన్ని నెలలకి, డిప్రెషన్ ఇంకొన్ని నెలలకి కొలవాలి. అలా కొలిచినా మొదటి విడత నిద్ర, డిప్రెషన్ మార్కులు కూడా చేతిలో ఉండాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో అది కుదరదు, తెలుసు. అందుకే "నిద్ర ద్వారా పనిచేస్తోంది" అని కాకుండా "నిద్ర ద్వారా అన్న నమూనాకి డేటా విరుద్ధంగా లేదు" అని రాయమంటాను. పొడిగా ఉంటుంది, కానీ వైవాలో నిలబడుతుంది.

ఫుల్ మీడియేషన్, పార్షియల్ మీడియేషన్ అన్న మాటలు కూడా వదిలేయండి. శాంపిల్ చిన్నదైతే నేరు దారి సిగ్నిఫికెన్స్ దానంతటదే పోతుంది. అంటే తక్కువమందిని అడిగినవాళ్లకే ఫుల్ మీడియేషన్ సులువుగా దొరుకుతుందన్నమాట!

ఇప్పుడు మోడరేషన్. రెండు గ్రూపుల పద్ధతి ఎందుకు వద్దంటే, ఒక గ్రూపులో పీ విలువ 0.04, రెండోదాంట్లో 0.09 వస్తే ఆ రెండు వాలులకీ తేడా ఉన్నట్టు కాదు. తేడాని నేరుగా పరీక్షించాలి. మధ్యలో గీత గీస్తే 4.4 వచ్చినామెనీ 1.5 వచ్చినామెనీ ఒకే గంపలో వేసినట్టు అవుతుంది. సపోర్టుని అంకెలాగే ఉంచి, భారం × సపోర్టు అన్న పదం కలపండి. ప్రాసెస్‌లో మోడల్ 1.

సిక్కోలు_సైకాలజీ

వేశాను. ఇక్కడ ఒకటి అర్థం కాలేదు. ఇంతకుముందు భారం మొత్తం ప్రభావం 0.166 ఉండేది. ఇప్పుడు భారం ఎదురుగా 0.33 వచ్చింది! ఇంటరాక్షన్ -0.04, పీ 0.02. సపోర్టు పెట్టగానే భారం ప్రభావం రెట్టింపైందని రాయాలా?

నాగావళి

రాయకండి. ఇంటరాక్షన్ ఉన్నప్పుడు భారం పక్కన కనిపించే అంకె "సపోర్టు సున్నా అయినప్పుడు" భారం ప్రభావం. మీ స్కేలు 1 నుంచి మొదలవుతుంది. సున్నా సపోర్టు ఉన్న మనిషి మీ డేటాలోనే లేదు. సపోర్టు సగటు, ఎస్‌డీ చెప్పండి.

సిక్కోలు_సైకాలజీ

సగటు 4.5, ఎస్‌డీ 1.3.

నాగావళి

అయితే చేత్తోనే వేసుకోవచ్చు. భారం వాలు = 0.33 - 0.04 × సపోర్టు.

సపోర్టు సగటున, 4.5 దగ్గర: 0.33 నుంచి 0.18 తీస్తే 0.15. ఒక ఎస్‌డీ కింద, 3.2 దగ్గర: 0.202. ఒక ఎస్‌డీ పైన, 5.8 దగ్గర: 0.098.

అంటే భారంలో పది మార్కుల పెరుగుదల, సపోర్టు తక్కువున్నామెకి పీహెచ్‌క్యూలో రెండు మార్కులు, బాగా ఉన్నామెకి ఒకటి. మీ ప్రాజెక్టులో సపోర్టు గురించి చెప్పగలిగింది ఇదే, హైపోథెసిస్ పోయిందనుకున్నారు కదా. ఈ మూడు వాలుల్నీ ఒక బొమ్మలో గీయండి.

రెండింటినీ సగటు తీసేసి మళ్లీ వేస్తే భారం పక్కన 0.15 వస్తుంది. ఇంటరాక్షన్ మాత్రం -0.04 గానే ఉంటుంది, పీ విలువా మారదు. సగటు తీసేది చదవడానికి వీలుగా ఉండటానికే. మల్టీకొలీనియారిటీ పోగొట్టడానికి అని చాలా థీసిస్‌లలో రాస్తారు, ఇంటరాక్షన్ పరీక్షకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మాస్టారూ, మీది మోడరేటర్ ప్రశ్నే. పిల్ల ఫోన్ వాడకం వల్ల నాన్న వలస వెళ్లడు కదా. కానీ 40 మందితో ఇంటరాక్షన్ పట్టుకోవడం కష్టం. నిజంగా ఉన్నా కనపడకపోవచ్చు, కనపడితే పొరపాటున వచ్చిన పెద్ద అంకె కావచ్చు.

బొబ్బిలి_మాస్టారు

పక్క రెండు సెక్షన్లూ కలిపితే 120 అవుతారు. వాళ్లనీ రాస్తాను. యోగా మాట వెనక్కి తీసుకోను గానీ.

వంశధార_గట్టు

నా మాటలు సగం కొట్టేశారు, సరే. అయితే ఒకటి. నిద్రా ఉంది, సపోర్టూ ఉంది. రెండూ కలిపి మోడరేటెడ్ మీడియేషన్ ఎందుకు వేయకూడదు? మోడల్ 7 అయితే సపోర్టు భారం నుంచి నిద్రకి వెళ్లే దారిని మారుస్తుంది, 14 అయితే నిద్ర నుంచి డిప్రెషన్‌కి వెళ్లేదాన్ని. పేపర్ పబ్లిష్ అవ్వాలంటే ఇప్పుడు అందరూ అవే అడుగుతున్నారు.

నాగావళి

మోడళ్ల నంబర్లు సరిగ్గా చెప్పారు. కానీ 7 వెయ్యాలా 14 వెయ్యాలా అన్నది ముందు కథలో తేలాలి: పక్కన మనుషులుంటే ఆమె నిద్ర కాపాడబడుతుందా, నిద్ర పోయినా మనసు కుంగకుండా ఉంటుందా? రెండూ వేసి వచ్చినదాన్ని రాయడం నాకు నచ్చదు. 152 మందితో అయితే మరీను.

కవిటి_కొబ్బరితోట

నన్నడిగితే మొదటిదే. మా తోటికోడలు ఉన్న వారం నాను మధ్యాన్నం పడుకుంటాను. అదొక్కటే తేడా.

సిక్కోలు_సైకాలజీ

అక్కా, మీరు రాసింది గైడ్ గారికి చూపించవచ్చా? పేరు లేకుండానే.

ఇవాళ ఆయన్ని కలిశాను. నిద్ర విషయం, మూడో ప్రశ్న విషయం ఒప్పుకున్నారు. సపోర్టు మాత్రం మీడియేటర్‌గానే ఉంచమంటున్నారు, సినాప్సిస్ అలాగే అప్రూవ్ అయిందని. ఒప్పుకున్న హైపోథెసిస్ నిలబడలేదని రాసి, మోడరేషన్‌ని ఎక్స్‌ప్లోరేటరీ అని వేరే సెక్షన్‌లో పెడతానన్నాను. సోమవారం చూద్దాం అన్నారు.

డయాలిసిస్ నెలలు పెట్టాక నిద్ర ఇన్‌డైరెక్ట్ 0.046 నుంచి 0.039కి వచ్చింది, ఇంటర్వెల్‌లో సున్నా రాలేదు.

కవిటి_కొబ్బరితోట

చూపించుకో అమ్మా.

నాగావళి

ఆ వేరే సెక్షన్ ఒప్పుకుంటే చాలు. ఒప్పుకోకపోతే సపోర్టు మీడియేషన్ టేబుల్‌ని సున్నా ఫలితంతోనే పెట్టేయండి, తీసేయొద్దు. వారానికి ఎన్నిసార్లు తీసుకెళ్తున్నారన్నది మీ ఫారంలో ఉందో లేదో ఇంకా చెప్పలేదు.